1.2 అంటే నార్మలేనా?

చాట్‌బాట్‌ని మనమొక ప్రశ్న అడుగుతాం. జవాబు వస్తుంది. అవతల ఉన్నది ఒకే యంత్రమని మన ఊహ. చాలాచోట్ల గుమ్మం దగ్గర ఇంకో చిన్న ప్రోగ్రాం కూర్చుని ఉంటుంది. మన ప్రశ్న ముందు దాని చేతికే వెళ్తుంది. అది చదివి, "ఇది సులువుదే" అనుకుంటే చిన్న మోడల్‌కి తోస్తుంది, "కష్టంగా ఉందే" అనుకుంటే పెద్ద మోడల్‌కి పంపిస్తుంది. దీన్ని రౌటర్ అంటారు. (ఇంట్లో వైఫై పెట్టెకీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.) ఇలా ఎందుకంటే డబ్బు కోసం. పెద్ద మోడల్‌తో ఒక జవాబు రాయించడానికయ్యే ఖర్చులో చిన్నదానితో పది జవాబులో ఇరవై జవాబులో రాయించొచ్చు. పైగా చిన్నది త్వరగా చెప్తుంది.

నేను బతికేది ఈ గుమ్మాలు కట్టే పనిమీదే. పుట్టింది టెక్కలి దగ్గర. అందుకని "సులువు ప్రశ్న" అన్న మాట విన్నప్పుడల్లా నా బుర్ర ఉద్దానం వైపు వెళ్తుంది. ఒక ప్రశ్న సులువైందని ఎవరు చెప్పాలి? దేన్ని చూసి చెప్పాలి? ఆ చెప్పడం తప్పయితే నష్టం ఎవరికి? పైకి ఇంజినీరింగ్ ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, మూడోదాని దగ్గరికొచ్చేసరికి ఇంజినీరింగ్ అయిపోతుంది.

ముందు రౌటర్‌కి చదువెలా చెప్తారో చూద్దాం. రెండు పద్ధతులున్నాయి. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఫ్రూగల్‌జీపీటీ అని ఒకటి చేశారు. అందులో చౌక మోడల్‌ చేత ముందు జవాబు రాయిస్తారు. ఆ జవాబు నమ్మదగ్గదా అని ఇంకో చిన్న మోడల్ మార్కులు వేస్తుంది. మార్కులు చాలకపోతే పై మోడల్‌కి పోతుంది. 2024లో బర్క్‌లీ నుంచి రౌట్‌ఎల్‌ఎల్‌ఎం వచ్చింది. ఇది జవాబు దాకా ఆగదు, ప్రశ్న చూసే తేల్చేస్తుంది. చాట్‌బాట్ అరీనా అనే చోట జనం రెండు మోడళ్ళ జవాబులు పక్కపక్కన చూసి ఏది బాగుందో ఓటు వేస్తారు కదా, ఆ ఓట్ల మీద దానికి తర్ఫీదు ఇచ్చారు. ఆ ప్రశ్నల్లో ఎక్కువభాగం ఇంగ్లీషువే. ఏ పద్ధతైనా చివరికి మిగిలేది ఇంతే:

```python
if p >= t:
    answer = small(q)
else:
    answer = large(q)
```

`p` అంటే చిన్న మోడల్ ఈ ప్రశ్నకి సరిగ్గా చెప్పగలదన్న నమ్మకం, సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకె. `t` అంటే మనం పెట్టుకున్న గీత. `p`ని యంత్రం లెక్కేస్తుంది. `t`ని మాత్రం ఎవరో ఒక మనిషి టైప్ చేస్తాడు.

ఈ ఏర్పాటే తప్పని నేననను. మా జిల్లాలో వైద్యం నడిచేదీ ఇలాగే. ఊళ్ళో ఆశా కార్యకర్త, ఆ పైన ఏఎన్నెమ్మ, తర్వాత పీహెచ్‌సీ డాక్టరు, టెక్కలి పెద్దాసుపత్రి, 2023 డిసెంబరు నుంచి పలాసలో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి, అదీ చాలకపోతే విశాఖ కేజీహెచ్. జలుబు చేసిన ప్రతివాడూ రైలెక్కి కేజీహెచ్‌కి పోతే, నిజంగా అక్కడికి చేరాల్సినవాడు వరండాలోనే ఉండిపోతాడు. చిన్న పని చిన్న చోట జరగడం పిసినారితనం కాదు, అదొక న్యాయం. కాబట్టి నా పేచీ మెట్లు ఉండటం మీద కాదు, మొదటి మెట్టు మీద కూర్చున్నవాళ్ళకి ఏం కనిపిస్తుందన్న దాని మీద.

ఉద్దానమంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం. సముద్రం పక్కన కొబ్బరి, జీడి తోటల నేల. పేరు ఉద్యానం నుంచి వచ్చిందంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని పడుకోబెట్టేసింది. అంతకుముందు చాలా ఏళ్ళ నుంచే అక్కడి మనుషుల కిడ్నీలు పాడవుతున్నాయి. మామూలుగా కిడ్నీ జబ్బుకి షుగరో బీపీయో కారణం. ఇక్కడ అవి రెండూ లేనివాళ్ళకీ వస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటిదాకా ఖాయంగా తేలలేదు. దీని దొంగబుద్ధి ఏమిటంటే, నొప్పి పెట్టదు. మూత్రంలో ప్రొటీన్ కూడా చాలామందిలో అంతగా పోదు కాబట్టి పుల్ల ముంచి చేసే పరీక్షకి దొరక్కుండా తప్పించుకుంటుంది. ఊళ్ళల్లో శిబిరాలు పెట్టి రక్తం తీస్తే, ఏ బాధా చెప్పనివాళ్ళలో కూడా జబ్బు బయటపడింది.

ఇప్పుడొక ప్రశ్న. వజ్రపుకొత్తూరు మండలంలో 62 ఏళ్ళ ఒకామె ఉందనుకుందాం. సన్నటి మనిషి. జీడి బట్టీలో పిక్కలు కొట్టీ కొట్టీ మోకాళ్ళు అరిగాయి. మందుల షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ మాత్ర వారానికి నాలుగైదు రోజులు వేసుకుంటుంది. శిబిరంలో రక్తపరీక్ష చేసి కాగితం ఇచ్చారు. హైదరాబాదులో ఉన్న మనవడు ఫోన్లో కాగితం ఫొటో చూసి, చాట్‌బాట్‌లో ఇలా కొట్టాడు: "క్రియాటినిన్ 1.2 వచ్చింది, నార్మలేనా?"

ఇంతకన్నా సులువైన ప్రశ్న ఏముంటుంది? మూడు మాటలు, ఒక అంకె. లెక్కల చిక్కు లేదు, తర్కం లేదు. ఏ రౌటరైనా దీన్ని చిన్న మోడల్‌కే పంపిస్తుంది. చిన్న మోడల్‌కి కూడా ఈ విషయం బాగా తెలుసు. క్రియాటినిన్ మామూలు హద్దు ఇంచుమించు 0.6 నుంచి 1.2 దాకా అని వేల పేజీల్లో చదివి ఉంటుంది. "కంగారు పడాల్సిన పని లేదు, హద్దులోనే ఉంది" అంటుంది. తడబాటు లేకుండా అంటుంది కాబట్టి ఫ్రూగల్‌జీపీటీ లాంటి పద్ధతిలో మార్కులు కూడా బాగానే పడొచ్చు.

ఇక్కడ కాస్త ఆగాలి. క్రియాటినిన్ అనేది కండరాల్లోంచి పుట్టే చెత్త. కిడ్నీలు దాన్ని వడకట్టి బయటికి పంపిస్తాయి. రక్తంలో ఎంత మిగిలిందన్న దాన్నిబట్టి వడకట్టు ఎంత బాగా పనిచేస్తోందో ఊహిస్తారు. కానీ అసలు ఎంత పుడుతుందన్నది ఒంట్లో ఎంత కండ ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. అందుకే అంకెని వయసుతోనూ, ఆడా మగా అన్నదాంతోనూ కలిపి ఒక సూత్రంలో వేసి, ఈజీఎఫ్ఆర్ అనే ఇంకో అంకె తీస్తారు. 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంలో 1.2 వేసి చూడండి. 25 ఏళ్ళ కుర్రాడికి 86 వస్తుంది. బాగానే ఉన్నట్టు. 62 ఏళ్ళ ఆమెకి అదే 1.2కి 51 వస్తుంది. అరవైకి తక్కువ మూడు నెలలపాటు అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, మూడో దశ. ఆమె సన్నటి మనిషి కూడా, ఒంట్లో కండ తక్కువ, కాబట్టి అసలు పనితీరు 51 కన్నా ఇంకా కిందే ఉండొచ్చు. అలాంటి మనిషి డైక్లోఫెనాక్ వేసుకోకూడదు. ఆ జాతి మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో పనిచేసి ఒళ్ళు ఎండిపోయిన రోజున మరీను.

అంటే ఒకే అంకె, ఒకే ప్రశ్న, అక్షరం కూడా తేడా లేదు. కుర్రాడు అడిగితే సులువు. నాయనమ్మ గురించి అడిగితే కష్టం. ఈ తేడా ప్రశ్నలో ఎక్కడుంది? ఎక్కడా లేదు. రౌటర్‌కి కనిపించేది ప్రశ్న ఒక్కటే. పొడుగు, మాటల తీరు, లెక్కా కోడూ ఉన్నాయా, ఇలాంటి ప్రశ్నలకి గతంలో ఏ మోడల్ గెలిచింది, ఇవే దాని ఆధారాలు. కష్టం ప్రశ్నలో ఉంటుందన్న నమ్మకం మీద ఈ కట్టడం మొత్తం నిలబడింది. చదరంగం ఎత్తుకీ, వ్యాకరణం సందేహానికీ అది నిజమే. మనిషి ఒంటి గురించో, పొలం గురించో, కోర్టు కాగితం గురించో అడిగితే కష్టం అడిగిన మనిషిలో ఉంటుంది, వాళ్ళ ఊళ్ళో ఉంటుంది.

మా రంగంలో చాలామంది ఇక్కడొక జవాబు చెప్తారు: "అయితే వైద్యం ప్రశ్నలన్నీ పెద్ద మోడల్‌కి పంపేద్దాం." కొంత మేలే. కానీ పెద్ద మోడల్‌కి కూడా వెళ్ళేది ఆ నాలుగు మాటలే కదా. అది బహుశా "వయసునిబట్టి, కండనిబట్టి మారుతుంది" అని ఒక పేరా ఎక్కువ రాస్తుంది. మంచి రోజైతే వయసెంతని అడుగుతుంది. ఉద్దానం అన్న మాట మాత్రం దానికీ చేరలేదు. లేని సమాచారాన్ని ఎంత పెద్ద బుర్రయినా పుట్టించలేదు. అదే ఊళ్ళో ఆశా కార్యకర్తకి సూత్రం తెలియకపోయినా, ఆ కాగితం ఎవరిదో తెలుసు. వాళ్ళ ఆయన డయాలసిస్‌కి వెళ్ళి వెళ్ళి పోయాడని తెలుసు, ఈమె మాత్రలు మింగుతుందని తెలుసు. "అప్పా, నువ్వు పలాస ఎళ్ళి సూపించుకో" అంటుంది. రౌటర్‌గా చూస్తే మా ప్రోగ్రాముల కన్నా ఆవిడే మెరుగు. ఆవిడ చదివేది ప్రశ్నని కాదు, మనిషిని.

ఇక ఆ `t` సంగతి. గీత ఎక్కడ గీయాలన్న దానికి పాత లెక్క ఒకటుంది. 1970లో సి. కె. చౌ అనే ఆయన, అక్షరాలు చదివే యంత్రాలు ఎప్పుడు "నాకు తెలియదు" అని ఊరుకోవాలో రాశాడు. దాన్ని మన పనికి వాడుకుంటే ఇలా వస్తుంది. పెద్ద మోడల్‌కి పంపితే అదనంగా ఒక రూపాయి ఖర్చనుకుందాం. చిన్నది తప్పు చెప్తే జరిగే నష్టం పది రూపాయలనుకుందాం. పెద్దది తప్పు చెప్పదని కూడా, లెక్క కోసమే, అనుకుందాం. అప్పుడు తప్పుకి పదోవంతు కన్నా ఎక్కువ అవకాశం ఉంటే పైకి పంపాలి, అంటే గీత 0.9 దగ్గర. పుట్టినరోజు శుభాకాంక్షలు రాయించుకోవడానికి ఇది సరిపోతుంది. నష్టం పదివేల రూపాయలైతే? గీత 0.9999కి పోతుంది. చిన్న మోడల్ తన మీద తాను పెట్టుకున్న నమ్మకం ఆ నాలుగో తొమ్మిది దాకా నిజమని ఎవరూ చూపించలేరు. అది 0.9999 అన్న ప్రశ్నల్లో పదివేలకి ఒక్కటే తప్పుతుందని రుజువు చేయాలంటే, పదివేలు కాదు, అంతకు చాలా రెట్లు ప్రశ్నల్ని మనుషులు కూర్చుని దిద్దాలి. కాబట్టి నష్టం పెద్దదైన చోట మార్కులు చూసి గీత గీయడం అనే పద్ధతే పనికిరాదు. అక్కడ విషయాన్నిబట్టే నియమం ఉండాలి: క్రియాటినిన్ అన్న మాట కనిపిస్తే, `p` ఎంతున్నా సరే, దారి వేరు.

దీనికన్నా నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకోటి ఉంది. ఆ రూపాయి ఖర్చు కంపెనీ లెక్కలో పడుతుంది. ఆ పదివేల నష్టం నాయనమ్మ కిడ్నీలో పడుతుంది. `t`ని టైప్ చేసేవాడి ముందున్న తెరమీద మొదటిది పైసలతో సహా కనిపిస్తుంది, రెండోది అసలు కనిపించదు. గీత ఏ పక్కకి జరుగుతుందో చెప్పడానికి దుర్మార్గులు అక్కర్లేదు. నెల చివర బిల్లు చాలు.

నాణ్యత చూసుకుంటూనే ఉన్నాం కదా అంటారు. చూస్తారు, నిజమే. రౌట్‌ఎల్‌ఎల్‌ఎం వాళ్ళు ఎంటీ-బెంచ్ అనే పరీక్షలో పెద్ద మోడల్ నాణ్యతలో 95 శాతం నిలబెట్టుకుంటూ ఖర్చు 85 శాతం పైన తగ్గించామన్నారు. ఆ పరీక్షలో ఉన్నవి 80 ప్రశ్నలు, ఇంగ్లీషులో. నిజాయితీగా చేసిన పనే, నేను తక్కువ చేయడం లేదు. కానీ 95 అనేది సగటు. పోయిన అయిదూ అందరి మీదా ఉప్పు చల్లినట్టు సమానంగా పడవు. ఎవరి ప్రశ్నలు ఆ తర్ఫీదులో లేవో, ఎవరి మాట తీరు రౌటర్‌కి కొత్తో, ఎవరి ఊరి సంగతి వేరో, వాళ్ళ మీద కుప్పగా పడొచ్చు. "లివర్ టెస్ట్ బాగుంది గానీ కిరేటిన్ కొంచెం ఉందన్నారు" అని ఉద్దానం యాసలో మాట్లాడితే, అది రౌటర్‌కి ఏ పెట్టెలోకి కనిపిస్తుందో ముందే చెప్పడం కష్టం. అర్థం కాక పైకి పంపినా పంపొచ్చు, కబుర్లనుకుని కింద ఉంచేసినా ఉంచొచ్చు. కొలిచి చూస్తేనే తెలుస్తుంది.

ఎలా కొలవాలో పలాస జీడి వ్యాపారులకి తెలుసు. సంచుల్లో వచ్చిన పచ్చి పిక్కని పైనుంచి చూస్తే లోపల పప్పు ఎలా ఉందో తెలియదు. అందుకని సంచుల్లోంచి ఎక్కడివక్కడ కొన్ని తీసి, కోసి, లోపలి పప్పుని తూకం వేస్తారు. పైన బాగున్న పిక్కల్ని కూడా కోస్తారు, అదీ ముఖ్యం. రౌటర్ విషయంలో మేం చేసేది సాధారణంగా దీనికి ఎదురు. పైకి పంపిన ప్రశ్నల్ని శ్రద్ధగా చూస్తాం, అనవసరంగా పంపామా అని. చిన్న మోడల్ దగ్గరే ఆగిపోయినవాటిని ఎవరూ కోసి చూడరు, అవి "సులువువి" కదా. పీహెచ్‌సీలో కూడా అంతే. రిఫర్ చేసినవాళ్ళ పేర్లకి రిజిస్టరు ఉంటుంది, రిఫర్ చేయకుండా ఇంటికి పంపినవాళ్ళ పేర్లకి వేరే రిజిస్టరు ఉండదు. చేయాల్సింది పెద్ద కష్టమేం కాదు. చిన్న మోడల్ జవాబిచ్చిన ప్రశ్నల్లో నూటికి ఒకటో రెండో చీటీ తీసినట్టు తీసి, పెద్ద మోడల్‌కీ ఇచ్చి, రెండు జవాబులూ తేడాగా ఉన్నచోట విషయం తెలిసిన మనిషి చేత చదివించాలి. రెండు జవాబులూ కలిసిన చోట కూడా కొన్ని చదివించాలి. మన 1.2 లాంటి ప్రశ్నలో రెండూ కలిసి ఒకే తప్పు చెప్పే ప్రమాదం ఉంది మరి. తెలుగు ప్రశ్నల్ని ఇంగ్లీషు ప్రశ్నల్లో కలిపేయకుండా విడిగా లెక్కపెట్టాలి. దీనికి ఖర్చవుతుంది. మిగిల్చిన డబ్బులోంచే అవుతుంది.

ఇంకొక తేడా ఉంది, చిన్నదే గానీ నాకు మింగుడుపడదు. పీహెచ్‌సీలో కూర్చుంటే నేను పీహెచ్‌సీలో ఉన్నానని నాకు తెలుసు. డాక్టరు మాట నమ్మకం కుదరకపోతే "పెద్దాసుపత్రికి రాసివ్వండి బావూ" అని అడగొచ్చు. రాయకపోతే టెక్కలి బస్సెక్కొచ్చు. చాట్‌లో ఆశా కార్యకర్తా, కేజీహెచ్ ప్రొఫెసరూ ఒకే గొంతుతో, ఒకే అక్షరాల్లో మాట్లాడతారు. ఎవరు మాట్లాడారో తెలియనప్పుడు ఇంకొకరిని అడగాలన్న ఆలోచనే రాదు. 2025 ఆగస్టులో జీపీటీ-5 విడుదలైన రోజున ఇదే బయటపడింది. దాని రౌటర్ చాలాసేపు పనిచేయక, మోడల్ ఉన్నదానికన్నా మొద్దుగా కనిపించిందని సామ్ ఆల్ట్‌మన్ చెప్పాడు. ఏ మోడల్ జవాబిస్తోందో ఇకపై స్పష్టంగా చూపిస్తామన్నాడు. అప్పుడు గోల చేసినవాళ్ళు రోజూ దాంతో పనిచేసి, తేడా పసిగట్టగలిగినవాళ్ళు. "హద్దులోనే ఉంది" అన్న జవాబు చూసి నిశ్చింతగా ఫోన్ పక్కన పెట్టిన మనవడు గోల చేయడు. చేయాలని వాడికి తెలియదు.

అయితే ఏం చేయాలంటే, నాకు తోచేది రెండు దారుల గుమ్మానికి మూడో దారి. చిన్నదానికి పంపాలా పెద్దదానికి పంపాలా అని తేల్చేముందు, అడిగినవాళ్ళని తిరిగి అడగడం. తమాషా ఏమిటంటే, ఇది చిన్న మోడల్ చక్కగా చేయగల పని. ఎవరి కాగితం? వయసెంత? ఆడా మగా? ఏ ఊరు? రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా? అయిదు ప్రశ్నలు, ముందే రాసిపెట్టుకోవచ్చు. జవాబులొచ్చాక ఈజీఎఫ్ఆర్ లెక్కకి ఏ మోడలూ అక్కర్లేదు, ఆ సూత్రం ఒక్క వరుసలో పడుతుంది. అరవైకి తక్కువొస్తే, ఊరు ఆ ఏడు మండలాల్లోదైతే, నొప్పి మాత్రలుంటే, ఆ సంభాషణ పెద్ద మోడల్‌కి కూడా కాదు, మనిషికి వెళ్ళాలి: మాత్ర ఆపడం గురించి ఈ వారమే డాక్టర్ని అడగండి, మూడు నెలల్లో పరీక్ష మళ్ళీ చేయించండి, పలాసలో ఫలానా చోట చేస్తారు.

దీనికొక అభ్యంతరం చెప్తారు, అందులో నిజముంది. జనానికి ఓపిక ఉండదు, రెండు ప్రశ్నలు తిరిగి అడిగితే మూసేసి వెళ్ళిపోతారు. ప్రతిదానికీ అడిగితే వెళ్తారు. పుట్టినరోజు కవితకి వయసూ ఊరూ అడిగితే నేనైనా వెళ్ళిపోతాను. కానీ ఏ మాటలకి ఆగి అడగాలన్నది చిన్న జాబితా, అది రాయాల్సింది మేం కాదు, పలాస డాక్టర్లూ, సోంపేట ఏఎన్నెమ్మలూ. ఇంకో అభ్యంతరం మా టీములోనే ఒకరు లేవనెత్తారు: పల్లెటూరి పెద్దవాళ్ళకి వయసు సరిగ్గా తెలియదు కదా, లెక్క తప్పు రాదా? "అరవై పైనే ఉంటాది బావూ" అంటారు, అంతే. ఆ మాటకి సూత్రంలో 60 వేసి చూశాం, 52 వచ్చింది. 65 వేస్తే 50. డెబ్భై వేసినా 49. ఏది వేసినా ఆమె వెళ్ళాల్సింది పలాసకే.